కంట్రోలర్‌కు ఛార్జింగ్ ఎక్కట్లేదా, ఎక్కినా నిలవట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో నాకు చిన్న గేమ్ జోన్ ఉంది. ఆడుకోవడానికి వచ్చే పిల్లలు ఇంట్లో పాడైన కంట్రోలర్లు కూడా వెంట తెస్తారు. మిర్యాలగూడ, దేవరకొండ నుంచి, అప్పుడప్పుడు మహబూబ్‌నగర్ వైపు నుంచి కూడా వస్తాయి. వచ్చిన ప్రతివాళ్ళూ ముందే తీర్పు చెప్పేస్తారు: "అన్నా, బ్యాటరీ పోయింది, కొత్తది వెయ్యి." చాలాసార్లు బ్యాటరీ బాగానే ఉంటుంది. కేబుల్‌లోనో, పోర్ట్‌లోనో, కాంటాక్టుల దగ్గరో దారి మూసుకుపోయి ఉంటుంది. అనవసరంగా బ్యాటరీ కొనే ముందు ఇంట్లోనే ఏం చూసుకోవాలో ఈ పేజీలో రాశాను.

## మొదట ఏం చూడాలి?

మీ కంట్రోలర్‌కు ఛార్జింగ్ ఎక్కట్లేదా, ఎక్కింది నిలవట్లేదా అన్నది ముందు తేల్చుకోండి. మా దగ్గరికి వచ్చేవాళ్ళు "ఎక్కుతలేదు" అనీ, "ఆగుతలేదు" అనీ రెండు మాటలు వాడతారు. ఆ రెండు మాటల్లోనే సగం సమాధానం ఉంది. ఎక్కకపోతే తప్పు ఎక్కువగా బయట ఉంటుంది: అడాప్టర్, కేబుల్, పోర్ట్, కాంటాక్టులు. నిండా ఎక్కి గంటకే అయిపోతే తప్పు లోపల ఉంటుంది: బ్యాటరీ, లేదా దాన్ని తినేస్తున్న సెట్టింగులు. సంపు నిండకపోతే పైపు చూస్తాం, నిండిన సంపు పొద్దునకు ఖాళీ అయితే పగులు వెతుకుతాం. ఇదీ అంతే.

తేల్చుకోవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. కంట్రోలర్‌ను పూర్తిగా ఆఫ్ చేసి, మూడు నాలుగు గంటలు కదపకుండా ఛార్జింగ్ పెట్టండి. తీసిన వెంటనే కన్సోల్ తెరమీద బ్యాటరీ గీతలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఒక్క గీతే ఉంటే ఎక్కలేదు. నిండా చూపించి గంటన్నరలో ఆరిపోతే నిలవలేదు. ఒక చిన్న మెలిక ఉంది. బాగా అరిగిపోయిన బ్యాటరీ కూడా త్వరగా నిండినట్టు చూపిస్తుంది, ఎందుకంటే పట్టేదే కొంచెం. ఖాళీ కంట్రోలర్ అరగంటలో "ఫుల్" అంటే సంతోషించకండి, అది నిలవని బ్యాటరీ గుర్తు.

## లైట్ వెలుగుతోంది కదా, అంటే ఛార్జింగ్ అవుతున్నట్టే కదా?

వెలగడం వేరు, నిండటం వేరు. పీఎస్4తో వచ్చే డ్యూయల్‌షాక్ 4, పీఎస్5తో వచ్చే డ్యూయల్‌సెన్స్ కంట్రోలర్లలో కన్సోల్ రెస్ట్ మోడ్‌లో ఉన్నప్పుడు లైట్ నారింజ రంగులో నెమ్మదిగా వెలిగి ఆరుతుంది. నిండగానే ఆరిపోతుంది. కాబట్టి లైట్ లేకపోవడానికి రెండు అర్థాలు ఉండొచ్చు: నిండిపోయింది, లేదా అసలు కరెంటే రావట్లేదు. కేబుల్ ఒకసారి తీసి మళ్ళీ పెట్టండి. నిండిన కంట్రోలర్ అయితే లైట్ కాసేపు వెలిగి ఆరుతుంది. ఎంతకీ వెలగకపోతే దారిలో ఎక్కడో ఆగిపోయింది.

నేను లైట్ కంటే యూఎస్‌బీ మీటర్‌నే ఎక్కువగా నమ్ముతాను. అగ్గిపెట్టె కంటే చిన్నది, కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అడాప్టర్‌కూ కేబుల్‌కూ మధ్యలో పెడితే ఎన్ని వోల్టులు వస్తున్నాయో, ఎంత కరెంటు లోపలికి వెళ్తుందో అంకెల్లో చూపిస్తుంది. ఖాళీ కంట్రోలర్‌కు సుమారు అర ఆంపియర్, అంటే 0.40 నుంచి 0.60 వరకు నిలకడగా కనిపిస్తే దారి బాగుంది. కొన్ని మోడళ్ళు ఇంకొంచెం ఎక్కువ లాగుతాయి. 0.00 ఉన్నా, చెయ్యి తగిలినప్పుడల్లా అంకె గెంతుతున్నా దారిలో లోపం ఉంది. నిండుతున్న కొద్దీ అంకె తగ్గి చివరికి సున్నా దగ్గరికి వస్తుంది, దానికి కంగారు పడకండి.

## ఫోన్‌కు బాగా పనిచేసే కేబుల్ కంట్రోలర్‌కు ఎందుకు పనిచేయదు?

కేబుల్‌కు కష్టం కలిగేది రెండు చివర్ల దగ్గర. ప్లాస్టిక్ తల మొదలయ్యే చోట వైరు పదే పదే వంగి లోపల తీగలు ఒక్కొక్కటిగా తెగుతాయి. పైన తొడుగు మాత్రం కొత్తదానిలాగే కనిపిస్తుంది. ఆడుతూ ఆడుతూ ఛార్జింగ్ పెట్టే అలవాటుంటే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది, ఎందుకంటే కంట్రోలర్ చేతిలో కదిలినప్పుడల్లా ఆ మెడ దగ్గరే వంగుతుంది. ఫోన్ అయితే బల్లమీద పడుకుని ఉంటుంది కాబట్టి అదే కేబుల్ దానికి పనికొచ్చినట్టు అనిపిస్తుంది.

పొడవు రెండో సంగతి. మంచం మీద కూర్చుని ఆడటానికి వీలుగా ఉంటుందని మూడు మీటర్ల సన్న కేబుల్ కొంటారు. తీగ సన్నగా, పొడవుగా ఉంటే వోల్టేజీ దారిలోనే కరిగిపోతుంది. అడాప్టర్ దగ్గర ఐదు వోల్టులు బయలుదేరితే కంట్రోలర్‌కు చేరేసరికి నాలుగున్నర కంటే తగ్గొచ్చు. లోపలి లిథియం బ్యాటరీ నిండాలంటే 4.2 వోల్టులు కావాలి, ఛార్జింగ్ సర్క్యూట్‌కు దానిపైన కొంచెం వెసులుబాటు కూడా ఉండాలి. అందుకే అలాంటి కేబుల్‌తో ఛార్జింగ్ నత్తనడక నడుస్తుంది. ఒక మీటరు పొడవున్న, కాస్త మందమైన కేబుల్ పెట్టి తేడా చూడండి.

పాత బ్లూటూత్ స్పీకర్లతో, ట్రిమ్మర్లతో వచ్చే కేబుళ్ళలో కొన్నింటికి డేటా తీగలు ఉండవు. వాటితో ఛార్జింగ్ ఎక్కుతుంది కానీ కన్సోల్‌తో పెయిరింగ్ జరగదు. "కేబుల్ పెట్టినా కన్సోల్ గుర్తుపట్టట్లేదు, పోర్ట్ పోయింది" అని వచ్చేవాళ్ళలో కొందరి సమస్య ఇదే. అందుకని పరీక్షించేటప్పుడు డేటా కూడా పంపే కేబుల్ వాడండి.

## టైప్-సి నుంచి టైప్-సి కేబుల్ పెడితే అసలు ఎక్కట్లేదు. పాత రకం అడాప్టర్‌తో మాత్రం ఎక్కుతోంది. ఎందుకు?

తక్కువ ధర కంట్రోలర్లతో ఇది తరచూ ఎదురవుతుంది. రెండు చివర్లా టైప్-సి ఉన్నప్పుడు అడాప్టర్ వెంటనే కరెంటు వదలదు. అవతల నిజంగా కరెంటు కావాల్సిన వస్తువు ఉందా అని ముందు చూస్తుంది. "నేనున్నాను" అని చెప్పడానికి కంట్రోలర్ పోర్ట్ దగ్గర 5.1 కిలో ఓమ్‌ల చిన్న రెసిస్టర్లు ఉండాలి. ఖర్చు తగ్గించుకోవడానికి కొందరు తయారీదారులు వాటిని వదిలేస్తారు. అప్పుడు అడాప్టర్‌కు జవాబు రాదు, కరెంటు వదలదు. పాత వెడల్పు యూఎస్‌బీ అడాప్టర్ ఆ ప్రశ్న అడగదు, ఎప్పుడూ ఐదు వోల్టులు ఇస్తూనే ఉంటుంది.

మీ కంట్రోలర్ పాడవలేదు, దాని తయారీలోనే ఆ లోటు ఉంది. ఒక చివర వెడల్పు యూఎస్‌బీ, మరో చివర టైప్-సి ఉన్న కేబుల్ వాడితే సరిపోతుంది. ఫాస్ట్ ఛార్జర్‌తో కాలిపోతుందేమో అని కూడా చాలామంది అడుగుతారు. సరిగ్గా తయారైన ఫాస్ట్ ఛార్జర్ ముందు ఐదు వోల్టులతోనే మొదలుపెడుతుంది, అవతలి వస్తువు అడిగితేనే పెంచుతుంది. అయినా నేను మాత్రం 5 వోల్టులు, 1 ఆంపియర్ రాసి ఉన్న పాత ఫోన్ అడాప్టర్‌నే వాడతాను. కంట్రోలర్‌కు అంతకంటే అక్కర్లేదు.

## మా ఊళ్ళో లో వోల్టేజ్. అందుకే ఎక్కట్లేదా?

సాధారణంగా కాదు. బోర్లన్నీ ఒకేసారి ఆన్ చేసినప్పుడు బల్బులు మసకబారే ఊళ్ళ నుంచి ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. మీ అడాప్టర్ మీద సన్నటి అక్షరాల్లో 100-240V అని ఉందో లేదో చూడండి. అలా ఉంటే ఇంట్లో వోల్టేజీ 170కి పడిపోయినా అది ఐదు వోల్టులే ఇస్తుంది. ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినంత మాత్రాన కంట్రోలర్ నెమ్మదిగా నిండదు. రాత్రి కరెంటు పోయి ఉంటే మాత్రం అది వేరే సంగతి.

## పోర్ట్‌ను ఎలా చూడాలి, ఎలా శుభ్రం చేయాలి?

ఈ ఒక్క పనికి పది నిమిషాలు కేటాయించండి. నా దగ్గరికి వచ్చే "ఎక్కుతలేదు" కంట్రోలర్లలో చాలావాటికి ఇదే మందు.

మా వైపు పత్తి ఎక్కువ. పత్తి తీసే కాలంలో ఇంటి నిండా దూది పోగులు ఎగురుతుంటాయి. మగ్గాలున్న ఇళ్ళలో ఏడాదంతా నూలు పొట్టు ఉంటుంది. దానికి రోడ్డు మీది ఎర్ర దుమ్ము తోడవుతుంది. పోర్ట్‌లో ఇది కొంచెం కొంచెంగా చేరుతుంది, కేబుల్ గుచ్చినప్పుడల్లా అడుగుకు అదిమి అదిమి గట్టిపడుతుంది. కొన్ని నెలలకు అడుగున చిన్న బిళ్ళలాగా తయారవుతుంది. కేబుల్ తల పూర్తిగా లోపలికి వెళ్ళదు. వెళ్ళినట్టే అనిపిస్తుంది కానీ కాంటాక్టులు చివర్లోనే తగులుతాయి, కాస్త కదిలితే విడిపోతాయి.

ముందు కంట్రోలర్ ఆఫ్ చేయండి, కేబుల్ తీసేయండి. ఫోన్ టార్చ్ వేసి పోర్ట్‌లోకి నేరుగా చూడండి. టైప్-సి పోర్ట్ మధ్యలో సన్నటి నాలుక ఉంటుంది, దాని చుట్టూ ఖాళీ ఉండాలి. మైక్రో యూఎస్‌బీలో నాలుక ఒక పక్కకు ఉండి, దానిమీద ఐదు సన్నటి గీతల్లాంటి పిన్నులు కనిపిస్తాయి. అడుగున బూడిద రంగులోనో ఎర్రగానో నూగు కనిపిస్తే అదే దొంగ.

చెక్క టూత్‌పిక్ మొనను బ్లేడుతో ఇంకాస్త పలచగా చెక్కండి. నాలుకను తాకకుండా పక్క గోడ వెంట లోపలికి దించి, అడుగు నుంచి బయటికి గీకుతూ లాగండి. లోపలికి పొడవకండి, బయటికి లాగాలి. మొదటిసారి పొడిపొడిగా వస్తుంది, రెండు మూడుసార్లకు బిళ్ళ మొత్తం ఊడి వస్తుంది. సూది, సేఫ్టీ పిన్ను వాడొద్దు. నాలుకమీద పిన్ను ఒక్కటి వంగినా, విరిగినా పోర్ట్ మార్చాల్సిందే, అది టంకం పని. నోటితో ఊదకండి, ఉమ్మి తడి లోపలికి పోతుంది.

మురికి తీశాక ఇంకా జిడ్డుగానో నల్లగానో ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. మొబైల్ విడిభాగాల దుకాణాల్లో "ఐపీఏ" అంటే ఇస్తారు. 90 శాతం లేదా అంతకంటే గాఢమైనదే తీసుకోండి. ఇంట్లో ఉన్న శానిటైజర్ వద్దు, అందులో నీళ్ళు, జిగురు పదార్థాలు ఉంటాయి. మెత్తటి పాత టూత్‌బ్రష్‌ను చుక్క ఐపీఏతో తడిపి లోపల మెల్లగా తిప్పండి. పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చాకే కేబుల్ పెట్టండి.

ఇప్పుడు కేబుల్ పెడితే "టక్" అని కూర్చోవాలి. కంట్రోలర్‌ను కొంచెం ఎత్తితే కేబుల్ జారిపోకూడదు. శుభ్రం చేశాక కూడా తల అటూ ఇటూ ఊగుతుంటే, లేదా పోర్టే కదులుతుంటే, అది లోపల బోర్డు మీద టంకం ఊడిన గుర్తు. అప్పుడు టూత్‌పిక్‌తో పని లేదు, రిపేరుకు ఇవ్వాలి. ఊగుతున్న పోర్ట్‌ను అలాగే వాడితే బోర్డు మీది రాగి గీతలు కూడా లేచిపోతాయి, ఆ తర్వాత రిపేరు కష్టం.

## ఒక కంట్రోలర్‌ను మొదటి నుంచి చివరిదాకా ఎలా పరీక్షించారో చెప్తారా?

పోయిన పత్తి కాలంలో ఒక ఇంటర్ అబ్బాయి మైక్రో యూఎస్‌బీ పోర్ట్ ఉన్న కంట్రోలర్ తెచ్చాడు. బ్యాటరీ మీద 1000 ఎంఏహెచ్ అని ఉండే రకం. "అన్నా, రాత్రంతా పెట్టినా ఎక్కుతలేదే. కొత్త బ్యాటరీ వెయ్యి, అమ్మ పైసలిచ్చింది" అన్నాడు. వాడి కేబుల్ కూడా తెమ్మన్నాను. నేను ఎప్పుడూ కేబుల్ కూడా తెమ్మంటాను.

మొదట వాడి కేబుల్‌నే మీటర్‌కు కలిపాను. 0.00 చూపించింది. కేబుల్ తలను కిందికి నొక్కిపట్టుకుంటే 0.31కి గెంతి మళ్ళీ సున్నాకు పడింది. తర్వాత నా మంచి కేబుల్ పెట్టాను. ఇప్పుడు కాస్త మెరుగ్గా 0.38 వచ్చింది కానీ బల్ల తట్టగానే పోయింది. రెండు కేబుళ్ళతోనూ గెంతుతోందంటే కేబుల్ ఒక్కదాని తప్పే కాదు, పోర్ట్ వైపు కూడా ఏదో ఉంది. పక్కనుంచి చూస్తే కేబుల్ తల తాలూకు లోహం ఇంకా రెండు మిల్లీమీటర్లు బయటే కనిపిస్తోంది.

టార్చ్ వేసి చూస్తే అడుగున తెల్లటి నూగు గట్టిగా అదిమి ఉంది. వాళ్ళ ఇంట్లో పత్తి సంచులు పేర్చిన గదిలోనే టీవీ ఉందట. టూత్‌పిక్‌తో తీస్తే బియ్యపు గింజ అంత ఉండ వచ్చింది. ఐపీఏ తుడిచి, ఆరాక నా కేబుల్ పెడితే లోహం దాదాపు కనిపించకుండా లోపలికి పోయింది. మీటర్ 0.46 దగ్గర నిలబడింది. బల్ల తట్టినా కదల్లేదు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నేను వాడి పాత కేబుల్‌ను మళ్ళీ కలిపి చూశాను. 0.21 చూపించి, మెడ దగ్గర వంచితే సున్నా అయింది. అంటే రెండు లోపాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పోర్ట్ ఒక్కటే బాగుచేసి పంపితే వాడు ఇంటికెళ్ళి అదే కేబుల్ పెట్టి, "ఆ అన్న చేసింది ఉత్తదే" అనుకునేవాడు. అందుకే బాగయ్యాక కూడా పాత కేబుల్‌ను, పాత అడాప్టర్‌ను మళ్ళీ ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి.

ఇక బ్యాటరీ సంగతి. మీటర్‌లో ఎంత కరెంటు మొత్తం వెళ్ళిందో కూడబెట్టి చూపించే అంకె ఉంటుంది. దాన్ని సున్నా చేసి, కంట్రోలర్‌ను ఖాళీ నుంచి నిండేదాకా వదిలేశాను. రెండున్నర గంటలకు పైగా పట్టింది. చివర్లో కరెంటు 0.04కు తగ్గాక మొత్తం 930 ఎంఏహెచ్ చూపించింది. వెయ్యి రాసి ఉన్న పాత బ్యాటరీకి అది చాలా మంచి లెక్క. 400 దగ్గరే ఆగి ఉంటే బ్యాటరీ మార్చమనేవాణ్ణి. ఈ కొలత అంచనాకే, ఛార్జింగ్ సర్క్యూట్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. సగానికి సగం తేడా ఉందా లేదా అన్నది మాత్రం స్పష్టంగా తెలిసిపోతుంది. అబ్బాయి కొత్త కేబుల్ ఒక్కటే కొనుక్కుని, మిగిలిన పైసలు అమ్మకు తిరిగిచ్చాడు.

## ఛార్జింగ్ డాక్ మీద పెడితే ఎక్కట్లేదు, కేబుల్‌తో మాత్రం ఎక్కుతోంది. ఎందుకు?

కాంటాక్టులు మురికి పట్టాయి. డ్యూయల్‌సెన్స్ కింది వైపు హెడ్‌ఫోన్ రంధ్రం పక్కన చిన్న లోహపు కాంటాక్టులు ఉంటాయి, డాక్‌లో వాటికి ఎదురుగా స్ప్రింగ్ పిన్నులు ఉంటాయి. చేతి చెమటలోని ఉప్పు, చిప్స్ నూనె కలిసి వాటిమీద కంటికి కనిపించని పొరలాగా పేరుకుంటాయి. దూది పుల్లను ఐపీఏలో తడిపి రెండు వైపులా తుడవండి. పుల్లకు నల్లగా అంటుకుంటే మీకే అర్థమవుతుంది. డాక్ పిన్నులను వేలితో నొక్కి చూడండి, కిందికి వెళ్ళి మళ్ళీ పైకి లేవాలి. ఒకటి కిందే ఉండిపోతే ఐపీఏ చుక్క వేసి పదిసార్లు నొక్కి వదలండి. కంట్రోలర్‌కు రబ్బరు కవర్ తొడిగి ఉంటే అది తీసి చూడండి. ఆ మందానికి కూడా పిన్నులు అందవు.

## మాది సెల్స్ వేసే ఎక్స్‌బాక్స్ కంట్రోలర్. కేబుల్ పెట్టినా సెల్స్ ఛార్జ్ కావట్లేదు.

కావు. మామూలు డబుల్-ఏ సెల్స్ వేసినప్పుడు కేబుల్ కంట్రోలర్‌ను నడుపుతుంది కానీ సెల్స్‌ను నింపదు. రీఛార్జబుల్ సెల్స్ వేసినా అంతే, వాటిని బయట వేరే ఛార్జర్‌లో నింపుకోవాలి. కేబుల్‌తో నిండేది ఆ కంట్రోలర్ కోసమే చేసిన బ్యాటరీ ప్యాక్ ఒక్కటే. రీఛార్జబుల్ సెల్ 1.2 వోల్టులది, మామూలు ఆల్కలైన్ సెల్ 1.5. అందుకే కొత్తగా నింపిన రీఛార్జబుల్ సెల్స్ వేసినా తెరమీద గీతలు తక్కువ చూపించొచ్చు. గీతల్ని పట్టించుకోకండి, ఎన్ని గంటలు ఆడగలిగారో చూడండి.

ఈ రకంలో అసలు జబ్బు స్ప్రింగుల దగ్గర ఉంటుంది. సెలవులకు ఊరెళ్ళినప్పుడు సెల్స్ అలాగే వదిలేస్తే అవి కారుతాయి. తెల్లటి, గరుకైన పొడి స్ప్రింగులకు పట్టుకుంటుంది. ఒక పాత సెల్, ఒక కొత్త సెల్ కలిపి వేస్తే కారడం ఇంకా త్వరగా జరుగుతుంది. ఆల్కలైన్ సెల్‌లో ఉండేది క్షారం, దానికి విరుగుడు పులుపు. నకిరేకల్ నిమ్మ మార్కెట్ పక్కనే పెట్టుకున్నవాళ్ళం, వేరే మందు వెతకాల్సిన పని లేదు. సెల్స్ తీసేసి, చేతికి గ్లవ్ వేసుకుని, దూది పుల్లను రెండు చుక్కల నిమ్మరసంలో ముంచి పొడి మీద అద్దండి. సన్నటి బుడగలు వస్తాయి. బుడగలు ఆగాక పొడి బట్టతో తుడిచి, ఆ తర్వాత తప్పనిసరిగా ఐపీఏతో తుడవండి. నిమ్మరసం అక్కడే ఉండిపోతే అదీ లోహాన్ని తింటుంది. చివరగా స్ప్రింగ్‌ను గోటితో ఒక మిల్లీమీటరు బయటికి లాగితే సెల్‌ను గట్టిగా పట్టుకుంటుంది.

## నిండా ఎక్కుతోంది కానీ త్వరగా అయిపోతోంది. బ్యాటరీ మార్చాలా?

ముందు మీ కంట్రోలర్ కొత్తగా ఉన్నప్పుడు ఎంతసేపు వచ్చేదో గుర్తు చేసుకోండి. డ్యూయల్‌షాక్ 4లో ఉండేది 1000 ఎంఏహెచ్, కొత్తదే అయినా ఆటను బట్టి నాలుగు నుంచి ఎనిమిది గంటలు వస్తుంది. డ్యూయల్‌సెన్స్‌లో 1560 ఎంఏహెచ్ ఉన్నా ట్రిగ్గర్ మోటార్లు, వైబ్రేషన్ ఎక్కువ తింటాయి. స్విచ్ ప్రో కంట్రోలర్ 1300 ఎంఏహెచ్‌తోనే 40 గంటల దాకా వస్తుంది. కాబట్టి స్నేహితుడి వేరే కంపెనీ కంట్రోలర్‌తో పోల్చి టెన్షన్ పడకండి.

పీఎస్5లో ఈ మూడు తగ్గించి రెండు రోజులు ఆడి చూడండి. `Settings > Accessories > Controllers` లోపల `Vibration Intensity`, `Trigger Effect Intensity`, `Brightness of Controller Indicators` ఉంటాయి. ఆడటం ఆపి లేచి వెళ్ళినప్పుడు కంట్రోలర్ తనంతట తాను ఆగిపోయేలా `Settings > System > Power Saving` లోపల `Set Time Until Controllers Turn Off` పెట్టుకోండి. మా జోన్‌లో పిల్లలు కంట్రోలర్‌ను సోఫాలో పడేసి వెళ్ళిపోతారు. ఇది పెట్టాక సాయంత్రానికి మిగిలే ఛార్జింగ్‌లో నాకు తేడా బాగా కనిపించింది.

ఇవన్నీ చేసినా మొదట్లో వచ్చిన సమయంలో సగం కూడా రాకపోతే, మీటర్ లెక్క కూడా సగం దగ్గరే ఆగితే, అప్పుడు బ్యాటరీ అరిగిందని ఒప్పుకోవచ్చు.

## రాత్రంతా కన్సోల్‌కు పెట్టి ఉంచినా పొద్దున ఖాళీగానే ఉంటోంది.

కన్సోల్‌ను పూర్తిగా ఆఫ్ చేస్తే దాని యూఎస్‌బీ పోర్టుల్లో కరెంటు ఉండదు. రెస్ట్ మోడ్‌లో పెట్టాలి. పీఎస్5లో `Settings > System > Power Saving > Features Available in Rest Mode` లోపల `Supply Power to USB Ports` దగ్గర `Off` ఉండకూడదు. రాత్రి ఇంట్లోవాళ్ళు స్విచ్ బోర్డు ఆపేస్తున్నారేమో కూడా కనుక్కోండి. నిజంగానే చాలా ఇళ్ళలో ఇదే కారణం.

## ఎండాకాలంలో ఛార్జింగ్ మధ్యలో ఆగిపోతోంది.

వేడి వల్లే. డ్యూయల్‌షాక్ 4 మాన్యువల్ 10 నుంచి 30 డిగ్రీల మధ్య ఛార్జ్ చేయమంటుంది. మే నెలలో నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్ళలో మధ్యాహ్నం గదిలోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది, రేకుల ఇల్లయితే చెప్పనే అక్కర్లేదు. బ్యాటరీ మరీ వేడెక్కితే ఛార్జింగ్ సర్క్యూట్ తనంతట తానే ఆపేస్తుంది. అది లోపం కాదు, రక్షణ. ఆడటం ఆపాక కంట్రోలర్‌ను అరగంట చల్లారనిచ్చి, తెల్లవారుజామునో కూలర్ ఉన్న గదిలోనో ఛార్జింగ్ పెట్టండి. టీవీ వెనక, కన్సోల్ పైన, కిటికీ ఎండలో పెట్టకండి. త్వరగా చల్లబడాలని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళూ ఉన్నారు. అలా చేస్తే బయటికి తీయగానే లోపల నీటి చెమ్మ పడుతుంది.

## ఆరు నెలలు వాడలేదు. ఇప్పుడు అసలు స్పందనే లేదు.

లిథియం బ్యాటరీ మరీ కిందికి దిగిపోతే లోపలి రక్షణ సర్క్యూట్ దాన్ని విడదీస్తుంది. ఛార్జర్ మొదట చాలా తక్కువ కరెంటుతో దాన్ని లేపడానికి ప్రయత్నిస్తుంది. కాబట్టి పరీక్షించిన కేబుల్‌తో గంటసేపు కదపకుండా వదిలేయండి. మీటర్‌లో 0.05 లాంటి చిన్న అంకె కనిపిస్తే ఆశ ఉంది. ఆ తర్వాత వెనకున్న చిన్న రీసెట్ రంధ్రంలో సన్నటి పుల్లతో ఐదు సెకన్లు నొక్కి చూడండి. డ్యూయల్‌షాక్ 4లో అది ఎల్2 బటన్ దగ్గర, డ్యూయల్‌సెన్స్‌లో వెనక లోగో దగ్గర ఉంటుంది. రీసెట్ చిక్కుకుపోయిన సాఫ్ట్‌వేర్‌ను విడిపిస్తుంది, అరిగిన బ్యాటరీని బాగుచేయదు.

## కంట్రోలర్ అతుకు దగ్గర తెరుచుకున్నట్టు ఉంది. ఛార్జ్ చేయొచ్చా?

వద్దు. వెంటనే కేబుల్ తీసేయండి. రెండు ముక్కలు కలిసే గీత వెడల్పయినా, బటన్లు బిగుసుకున్నట్టున్నా, బల్లమీద పెడితే ఊగుతున్నా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. నొక్కి సరిచేయాలని చూడకండి, గుచ్చకండి. మంటపట్టే వస్తువులకు దూరంగా గచ్చు నేల మీదో ఇసుక బకెట్‌లోనో పెట్టి, బ్యాటరీ తీయడం తెలిసినవాళ్ళకు ఇవ్వండి. తీసిన బ్యాటరీని చెత్త బండిలో వేయకండి, చెత్తలో నలిగితే అంటుకుంటుంది. పాత బ్యాటరీలు తీసుకునే దుకాణంలో ఇవ్వాలి.

## కొత్త బ్యాటరీ కొనేటప్పుడు ఏం చూడాలి?

డ్యూయల్‌షాక్ 4 అయితే వెనక లేబుల్ మీద మోడల్ నంబర్ చూడండి. `CUH-ZCT1` రకానికీ `CUH-ZCT2` రకానికీ బ్యాటరీ ప్లగ్ సైజు వేరు, ఒకదానిది మరొకదానికి పట్టదు. అంతే సైజులో "3000 ఎంఏహెచ్" అని రాసి ఉంటే నమ్మకండి, అంత చోటులో అంత శక్తి పట్టదు. నిజాయితీగా 1000 అని రాసినదే తీసుకోండి. బిగించిన రోజే మీటర్‌తో ఖాళీ నుంచి నిండేదాకా ఒకసారి లెక్క తీసి, ఆ అంకెను, తేదీని బ్యాటరీ కవర్ మీద రాసి ఉంచండి. ఏడాది తర్వాత మళ్ళీ "ఆగుతలేదు" అనిపిస్తే పోల్చడానికి మీ దగ్గర సొంత లెక్క ఉంటుంది.